ఆలస్య రుసుము నోటీసులో ఏముండాలి?
'బకాయి రూ.6,360. వెంటనే కట్టకపోతే చర్యలు తప్పవు.' ఆస్తిపన్ను నోటీసు ఇలా వస్తే అసలెంతో, వడ్డీ ఎంతో తెలియదు. జీహెచ్‌ఎంసీలో మొదటి అర్ధ సంవత్సర పన్నుకు గడువు జులై 31. అది దాటితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది.

అదే నోటీసును ఇలా రాయొచ్చు:

'జులై 31లోగా కట్టాల్సిన మీ పన్ను రూ.6,000 ఇంకా అందలేదు. జీహెచ్‌ఎంసీ చట్టం, 1955 ప్రకారం నెలకు 2 శాతం చొప్పున ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలలకు వడ్డీ: 6,000 × 2% × 3 = రూ.360. మొత్తం రూ.6,360. ఇప్పటికే చెల్లించి ఉంటే దయచేసి రసీదు నంబరు తెలపండి.'

లెక్క కనిపిస్తే తప్పూ దొరుకుతుంది. రూ.360 బదులు రూ.367 ఉంటే, వడ్డీ మీద వడ్డీ వేసినట్లే. అప్పుడు అడగొచ్చు.