డెమో క్లాసును చివరి చీటీ నుంచి మొదలుపెట్టండి

లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే చాలా కాలేజీల్లో ప్రశ్నలతో పాటు డెమో క్లాసు కూడా ఉంటుంది. సాధారణంగా 20 నిమిషాలు ఇస్తారు. ఎదురుగా నలుగురైదుగురు ప్యానెల్ సభ్యులు, ఒక్కోచోట కొందరు విద్యార్థులు కూర్చుంటారు. అభ్యర్థుల్లో ఎక్కువమంది ఆ 20 నిమిషాల్లో తమకెంత తెలుసో చూపించబోతారు. నలభై స్లైడ్లు తెస్తారు, సగంలో ఉండగానే సమయం అయిపోతుంది. ప్యానెల్ చూడాలనుకునేది వేరు: ఎదుటివాళ్లకు ఏం వచ్చింది, వచ్చిందని మీకెలా తెలిసింది?

అందుకే పాఠాన్ని వెనక నుంచి తయారుచేసుకోవాలి. గ్రాంట్ విగ్గిన్స్, జే మెక్‌టై అనే అమెరికన్ విద్యావేత్తలు 1998లో తమ పుస్తకంలో వివరించిన పద్ధతి ఇదే. చివర ఏం పరీక్షిస్తామో ముందు తేల్చుకుని, దాన్నిబట్టి పాఠం కట్టుకోవడం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. డిగ్రీ స్టాటిస్టిక్స్‌లో బేయీస్ సిద్ధాంతం మీద డెమో ఇవ్వాలి. 'విద్యార్థులు బేయీస్ సిద్ధాంతాన్ని అర్థం చేసుకుంటారు' అని లక్ష్యం రాస్తే అది ఎందుకూ పనికిరాదు. అర్థమైందో లేదో కంటికి కనిపించదు. 'వ్యాధి పరీక్ష పాజిటివ్ వచ్చిన మనిషికి నిజంగా ఆ వ్యాధి ఉండే అవకాశం ఎంతో విద్యార్థి లెక్కగట్టి, కారణం ఒక వాక్యంలో చెప్పగలడు' అని రాయండి. ఇది చూడగలం, కొలవగలం. 20 నిమిషాలకు ఇలాంటిది ఒక్కటి చాలు.

పాఠం ప్రశ్నతో మొదలవుతుంది. ఒక వ్యాధి నూటికి ఒకరికి ఉంది. వ్యాధి ఉన్నవాళ్లలో 90 శాతం మందిని పరీక్ష పట్టుకుంటుంది. లేనివాళ్లలో కూడా 10 శాతం మందికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. మరి పాజిటివ్ వచ్చిన మనిషికి వ్యాధి ఉండే అవకాశం ఎంత? చేతులెత్తించి అంచనా అడగండి. 90 శాతం అనేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ తప్పు బయటపడటమే మీకు కావాలి. బోర్డు మీద ఓ మూల రాసిపెట్టండి. దీనికి 3 నిమిషాలు.

తర్వాత కృత్యం, 8 నిమిషాలు. ఇద్దరిద్దరికి ఒక కాగితం ఇవ్వండి. 1000 మందిని ఊహించుకోమనండి. వ్యాధి ఉన్నవాళ్లు 10 మంది, వాళ్లలో 9 మందికి పాజిటివ్. లేనివాళ్లు 990, వాళ్లలో 99 మందికి పాజిటివ్. మొత్తం పాజిటివ్‌లు 108, అందులో నిజమైనవి 9. అంటే సుమారు 8 శాతం! ఈ అంకెలు మీరు చెప్పకూడదు, వాళ్ల కాగితం మీద వాళ్లే రాయాలి. ప్యానెల్ సభ్యులకూ కాగితాలివ్వండి. వాళ్లు రాయకపోతే బలవంతం చేయకుండా, ఒక్కో గడి దగ్గర ఆగి 'ఇక్కడ ఎంత రాయాలి?' అని అడుగుతూ బోర్డు మీదే నింపండి.

సూత్రం ఇప్పుడు రాయాలి, ముందు కాదు. దానికి 5 నిమిషాలు. సూత్రంలోని ఒక్కో భాగం కాగితం మీద ఏ అంకెకు సరిపోతుందో చూపిస్తే, లవంలో 9, హారంలో 108 ఎందుకొచ్చాయో తెలుస్తుంది.

చివరి 4 నిమిషాలు చీటీకి. ఇంట్లో కూర్చుని అన్నిటికంటే ముందు మీరు రాసుకోవాల్సింది ఈ చీటీయే. పరీక్ష అదే, కానీ ఈసారి వ్యాధి నూటికి 10 మందికి ఉంది. ఇప్పుడు ఎంత? 1000 మందిలో 100 మందికి వ్యాధి, వాళ్లలో 90 పాజిటివ్‌లు. మిగిలిన 900 మందిలోనూ 90. జవాబు 50 శాతం.

ఈ ప్రశ్నలో తప్పు జవాబులు కూడా మాట్లాడతాయి. 90 శాతం అని రాసినవాడు వ్యాధి ఉంటే పాజిటివ్ వచ్చే అవకాశాన్నీ, పాజిటివ్ వస్తే వ్యాధి ఉండే అవకాశాన్నీ ఒకటే అనుకుంటున్నాడు. 9 శాతం రాసినవాడు పాజిటివ్‌లతో కాక మొత్తం 1000తో భాగించాడు. 8 శాతం రాసినవాడు ఇందాకటి జవాబును గుర్తుపెట్టుకుని దించాడు. 'అర్థమైందా?' అని అడిగితే అందరూ తలూపుతారు, ఆ తలూపుల్లో వీటిలో ఒక్కటీ కనపడదు.

ఇంటి దగ్గర ఈ సబ్జెక్టు తెలియని ఇద్దరిని కూర్చోబెట్టి, గడియారం పెట్టుకుని ఒకసారి నడిపి చూడండి. ఆలస్యమయ్యేది సాధారణంగా కృత్యం దగ్గరే. అప్పుడు సూత్రం వివరణ తగ్గించండి, చీటీని మాత్రం వదలొద్దు. ప్రొజెక్టర్ పనిచేయకపోయినా కాగితాలూ బోర్డూ ఉంటే ఈ పాఠం సాగుతుంది.

డెమో అయ్యాక ప్యానెల్ 'తర్వాతి క్లాసులో ఏం చెప్తారు?' అని అడిగితే చేతిలోని చీటీలు చూసి జవాబు చెప్పండి. 9 శాతాలు ఎక్కువుంటే హారం దగ్గర్నుంచే మొదలుపెడతానని చెప్పండి.