మునిగిన కంపెనీ షేరుకు ధర ఎక్కడిది?

ఒక కంపెనీ ఆస్తుల విలువ ఈరోజు 100 కోట్ల రూపాయలు అనుకుందాం. దానికి ఒకటే అప్పు. సరిగ్గా ఏడాదికి, వడ్డీతో కలిపి, 80 కోట్లు ఒకేసారి కట్టాలి. గడువు రోజున ఆస్తులు 120 కోట్లుంటే, అప్పు తీరాక వాటాదారులకు 40 కోట్లు మిగులుతాయి. 50 కోట్లకు పడిపోతే ఆ 50 అప్పిచ్చినవారికే పోతుంది. మిగతా 30 కోట్లు మీ సొంత ఆస్తుల్లోంచి తెమ్మని వాటాదారులను అడగడానికి వీల్లేదు. వాళ్లు నష్టపోయేది పెట్టిన పెట్టుబడి వరకే.

ఆప్షన్లలో లావాదేవీలు చేసేవారు ఈ లెక్కను వెంటనే గుర్తుపడతారు. ఒక వస్తువును ఫలానా తేదీన ఫలానా ధరకు కొనే హక్కే కాల్ ఆప్షన్. కలిసొస్తే కొంటాం, లేకుంటే వదిలేస్తాం. అప్పు తెచ్చిన రోజే వాటాదారులు కంపెనీని అప్పిచ్చినవారికి అప్పగించి, 80 కోట్లకు దాన్ని తిరిగి కొనుక్కునే హక్కు మాత్రం తమ దగ్గర ఉంచుకున్నారన్నమాట. ఆప్షన్ల ధర కట్టే సూత్రాన్ని ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ 1973లో ప్రచురించిన వ్యాసంలోనే ఈ ఆలోచన ఉంది. మరుసటి ఏడాది రాబర్ట్ మెర్టన్ దాన్ని కంపెనీ అప్పుకు ధర కట్టే నమూనాగా తీర్చిదిద్దాడు.

నష్టభయం లేని వడ్డీ 6 శాతం, ఆస్తుల విలువలో ఏడాదికి ఒడుదొడుకులు 20 శాతం అనుకుని సూత్రంలో వేస్తే, వాటాల విలువ 25.27 కోట్లు వస్తుంది. 100లోంచి అది తీసేస్తే, అప్పు నేటి విలువ 74.73 కోట్లు. తప్పకుండా తీరే 80 కోట్ల అప్పయితే దాని నేటి విలువ 75.34 కోట్లు ఉండేది. ఆ 61 లక్షల తేడా ఎగవేత భయానికి కట్టిన ధర. వడ్డీ లెక్కలో అది ఏడాదికి సుమారు 0.8 శాతం అదనం.

ఇప్పుడు అసలు సంగతి. అప్పు చేతికొచ్చాక యాజమాన్యం నిలకడైన వ్యాపారం వదిలి జూదంలాంటి ప్రాజెక్టుల్లోకి దిగిందనుకోండి. ఆస్తులు ఇంకా 100 కోట్లే, ఒడుదొడుకులు మాత్రం 40 శాతానికి పెరిగాయి. వాటాల విలువ 29.50 కోట్లకు ఎగబాకుతుంది, అప్పు విలువ 70.50 కోట్లకు దిగుతుంది. కంపెనీ ఒక్క రూపాయి కూడా సంపాదించలేదు. అయినా 4 కోట్లకు పైగా సొమ్ము అప్పిచ్చినవారి జేబులోంచి వాటాదారుల జేబులోకి మారింది. పైకి వెళ్తే లాభమంతా వాటాదారులదే, కిందికి పడితే సున్నా దగ్గర ఆగిపోతారు. అందుకే వాళ్లకు ఒడుదొడుకులు చేదు కావు. బ్యాంకులు రుణ ఒప్పందాల్లో కొత్త అప్పులు చేయొద్దని, మా అనుమతి లేకుండా వ్యాపారం మార్చొద్దని షరతులు పెట్టడం చాదస్తమేమీ కాదు. ఈ నాలుగు కోట్లు చేజారకుండా వేసుకునే కంచె అది.

అదే 40 శాతం ఒడుదొడుకులతో ఆస్తులు 70 కోట్లకు జారితే? ఆస్తులు అప్పుకన్నా తక్కువ. అయినా వాటాల విలువ 9 కోట్ల పైమాటే. గడువుకు ఇంకా ఏడాది ఉంది కాబట్టి ఆస్తులు 80 దాటే అవకాశం మిగిలే ఉంది, ఆ అవకాశానికే ఈ ధర. అమెరికాలో అద్దె కార్ల కంపెనీ హెర్ట్జ్ 2020 మేలో దివాలా రక్షణ కోరింది. షేర్ల లావాదేవీలు మాత్రం ఆగలేదు. ఏడాది తిరిగేసరికి ప్రయాణాలు పుంజుకున్నాయి, పాత కార్ల ధరలు పెరిగాయి, పాత వాటాదారులకు కూడా వాటా దక్కింది. మన దగ్గర డీహెచ్‌ఎఫ్‌ఎల్ షేరు కూడా దివాలా ప్రక్రియ నడుస్తుండగా మార్కెట్లో చేతులు మారింది. 2021లో పిరమల్ ఆ కంపెనీని తీసుకున్నప్పుడు పాత వాటాదారులకు ఏమీ రాలేదు. కొన్నది ఇలాంటి ఆప్షన్ అని తెలిసినవారికి ఈ రెండు ముగింపులూ ముందే తెలుసు. షేరు చవగ్గా ఉందని కొన్నవారికి మాత్రం తెలియదు.

ఈ నమూనాను నిజమైన కంపెనీకి వాడటంలో ఒక చిక్కుంది. ఆస్తుల మార్కెట్ విలువ గానీ, వాటి ఒడుదొడుకులు గానీ ఎక్కడా కనబడవు. కనబడేవి షేరు ధర, దాని ఒడుదొడుకులు. వాటి నుంచి వెనక్కి లెక్కకట్టాలి. మన మొదటి ఉదాహరణలో ఆస్తులు 20 శాతం ఊగితే షేరు దాదాపు 74 శాతం ఊగుతుంది, అప్పు అంతగా పెంచి చూపిస్తుంది. కేఎంవీ అనే సంస్థ ఈ పద్ధతినే వ్యాపారంగా మార్చింది. ఎగవేత గీతను మొత్తం అప్పు దగ్గర కాక, స్వల్పకాలిక అప్పు, దీర్ఘకాలిక అప్పులో సగం కలిపిన చోట గీసింది. దీర్ఘకాలిక అప్పుకు గడువు దూరంగా ఉంటుంది కాబట్టి కంపెనీలు ఆ లోపల ఊపిరి పీల్చుకోగలవు.

నమూనా బాగా తడబడేది దగ్గరి గడువుల దగ్గర. ఆస్తుల విలువ మెల్లమెల్లగా, తెగకుండా కదులుతుందని అది అనుకుంటుంది. కాబట్టి ఆస్తులు 100 ఉండి, వారంలో 80 కట్టాల్సిన కంపెనీ ఎగవేయడం దాని లెక్కలో దాదాపు అసాధ్యం, అదనపు వడ్డీ సున్నాకు చేరువ. కానీ మార్కెట్ అలాంటి అప్పుకూ కొంత అదనం అడుగుతుంది. ఖాతాల్లో మోసం బయటపడితే 100 కోట్లనుకున్న ఆస్తులు రాత్రికి రాత్రే 60 కోట్లని తేలవచ్చు. మధ్యలో ఉన్న విలువలేవీ తాకకుండానే ఆ పతనం జరిగిపోతుంది. దాన్ని పట్టుకోవడానికే తర్వాతివారు నమూనాలో హఠాత్తు దూకుళ్లను చేర్చారు.