చక్రాల కుర్చీ అతిథికి హోటల్ ఏం రాయాలి?

"మా దగ్గర అన్ని సౌకర్యాలూ ఉన్నాయి" అన్న జవాబు చక్రాల కుర్చీలో వచ్చే అతిథికి ఉపయోగపడదు. వారికి కావలసింది కొలతలు.

ముందు బాత్‌రూమ్ తలుపు. కుర్చీ వెడల్పు 65 సెంటీమీటర్లు, తలుపు దారి 60 అయితే గది దాకా చేరినా స్నానానికి వెళ్లలేరు. అందుకే తలుపు పూర్తిగా తెరిచి, రెక్కకూ ఎదుటి ఫ్రేముకూ మధ్య ఖాళీని టేపుతో కొలిచి రాయాలి. 90 ఉంటే ఇబ్బంది ఉండదు. లోపల కుర్చీ తిరగడానికి 150 సెంటీమీటర్ల జాగా ఉందా, కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ ఉందా, గడప ఎంత ఎత్తు అన్నవీ చెప్పాలి.

భోజనశాల ముందు 15 సెంటీమీటర్ల మెట్టు ఒక్కటే ఉన్నా దాచకూడదు. ఒకటికి పన్నెండు వాలులో దానికి 180 సెంటీమీటర్ల ర్యాంపు కావాలి. "మావాళ్లు ఎత్తి దాటిస్తారు" అంటే మెట్లు లేనట్టు కాదు. లేనిది లేదని రాసి, ఫొటోలు జతచేస్తే రావాలో వద్దో అతిథే తేల్చుకుంటారు.