సి షిఫ్టు వారంలో రొట్టెలు ఎవరు కాలుస్తారు?

"ఉద్యోగం వదలకుండా సాయంత్రాలు సొంత వ్యాపారం చేసుకునేవాళ్ల మీద ముఖచిత్ర కథనం కావాలి. పటాన్‌చెరు వైపు చూడండి, గురువారంలోగా ఇవ్వండి" అన్నారు ఎడిటర్ గారు. ఇలాంటి కథనాల మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. జీతం వదిలి కోట్లు గడించినవారి ఫొటో వేస్తాం. వదిలి, ఆరు నెలలకు మళ్లీ బయోడేటా పట్టుకుని గేటు ముందు నిలబడినవారి ఫొటో వేయం. అందుకే ఈసారి మనిషిని పక్కనపెట్టి ఒక కాగితం పట్టుకున్నాను. ఫ్యాక్టరీ నోటీసు బోర్డు మీద అంటించే షిఫ్టు చార్టు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1960ల్లో రామచంద్రాపురానికి బీహెచ్ఈఎల్ వచ్చింది, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పెట్టారు, ఆ తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు పెరిగాయి. చేలు షెడ్లయ్యాయి, ఊళ్లు అద్దె గదులయ్యాయి.

ఇక చార్టు. ఎ షిఫ్టు పొద్దున 6 నుంచి 2, బి షిఫ్టు 2 నుంచి రాత్రి 10, సి షిఫ్టు 10 నుంచి తెల్లారి 6. వారం వారం మారుతుంది. ఆఫీసు ఉద్యోగికి సాయంత్రం రోజూ వస్తుంది. ఇక్కడ బి షిఫ్టు వారంలో సాయంత్రమే ఉండదు. సి షిఫ్టు వారంలో ఉంటుంది గానీ, అది నిద్రలోంచి కోసుకున్న సాయంత్రం. వారపు సెలవు కూడా అందరికీ ఆదివారమే పడదు. కాబట్టి వ్యాపారాన్ని పరీక్షించాలంటే ఒక మంచి వారం చాలదు, మూడు వారాల చుట్టు తిరగాలి.

ఒక లెక్క వేద్దాం. అంకెలన్నీ నేను ఊహించినవే. ఒక ఆపరేటర్, చేతికొచ్చేది 18 వేలు. ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర సాయంత్రం జొన్నరొట్టెల బండి పెట్టాడు. ఒక పెనం మీద మూడు గంటల్లో 60 రొట్టెలు, ఒక్కోటి 15 రూపాయలు. వచ్చిన 900లో పిండి, గ్యాసు, పచ్చడి, కవర్లకు 400 పోతే 500 మిగులు. ఎ షిఫ్టు వారం ఆరు సాయంత్రాలకు 3 వేలు. మనిషి గాల్లో తేలిపోయేది ఇక్కడే. "నెలకు 12 వేలు, పొద్దున కూడా పెడితే 24 వేలు, ఇంకా ఈ కొలువెందుకు?"

రెండో వారం బి షిఫ్టు. బండి దగ్గర వదిన నిలబడింది, ఆమెకు రోజుకు 300. ఆరు రోజులకు మిగిలింది 1,200. మూడో వారం సి షిఫ్టు. నాలుగు సాయంత్రాలు పెట్టాడు, రెండు రోజులు నిద్ర లేవలేకపోయాడు. 2 వేలు. మూడు వారాలకు కలిపి 6,200. ఉద్యోగం మానేసి పద్దెనిమిది సాయంత్రాలూ తానే నిలబడినా 9 వేలు, అంటే నెలకు 13 వేల దగ్గర. జీతం కంటే తక్కువే.

మరి పొద్దుటి వ్యాపారం? ఉద్యోగం మానేస్తే గంటలు పెరుగుతాయి, గిరాకీ పెరగదు. బండి ఆగుతున్నది గంటలు చాలకనా, తినేవాళ్లు చాలకనా అన్నదే అసలు ప్రశ్న. దానికి జేబులో ఒక చిన్న పుస్తకం చాలు. చివరి రొట్టె ఎన్నింటికి అమ్ముడైంది, లేదనిపించుకుని ఎంతమంది వెనక్కి వెళ్లారు, ఈ రెండూ రోజూ రాయాలి. ఎనిమిదింటికే అయిపోయి ఇరవై మంది తిరిగి వెళ్తుంటే పెనం చాలట్లేదన్నమాట. రాజీనామా కంటే ముందు రెండో పెనం పెట్టి చూడొచ్చు. తొమ్మిదింటికి పది రొట్టెలు మిగులుతుంటే, మానేసినా ఆ పది అలాగే మిగులుతాయి.

ఇంకో మెలిక ఉంది. కొనేవాళ్లూ జీతగాళ్లే. జీతాలు పడ్డ వారంలో నగదు, నెలాఖరులో "ఖాతాలో రాయన్నా". అందుకే పన్నెండు వారాలు రాస్తే తప్ప నేను ఆ పుస్తకాన్ని నమ్మను.

నిర్మా కర్సన్‌భాయ్ పటేల్ కథ అందరూ చెబుతారు. 1969లో అహ్మదాబాద్‌లో, గుజరాత్ ప్రభుత్వ గనుల శాఖలో కెమిస్టుగా ఉంటూనే ఇంటి పెరట్లో సబ్బుపొడి కలిపి సైకిల్ మీద అమ్మారు. మూడేళ్లకు గానీ ఉద్యోగం వదల్లేదు. కథ నిజమే, నాకూ ఇష్టమే. కానీ ఆయనది పగటి ఆఫీసు. సి షిఫ్టు లేదు.

బాక్సు: వదిలే ముందు చూడాల్సిన కాగితం

ఒక ఫ్యాక్టరీలో పనిచేసిన రోజునే మరో ఫ్యాక్టరీలో పనిచేయనివ్వకూడదని, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 60వ సెక్షన్ అనేది. రొట్టెల బండి ఫ్యాక్టరీ కాదు. అడ్డొచ్చేది మీ అపాయింట్‌మెంట్ లెటర్. అనుమతి లేకుండా వేరే వ్యాపారం చేయరాదన్న షరతు చాలా లెటర్లలో ఉంటుంది. సంతకం పెట్టేటప్పుడు ఎవరూ చదవరు, నేనూ చదవలేదు.

రెండోది గ్రాట్యుటీ. పర్మనెంట్ ఉద్యోగి తానుగా మానేస్తే ఐదేళ్ల సర్వీసు నిండి ఉండాలి. బేసిక్, డీఏ కలిపి 13 వేలుంటే, దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 7,500, ఐదేళ్లకు 37,500. నాలుగేళ్ల నాలుగు నెలలకు మానేసినవారికి అది రాదు. బండికి రెండో పెనం, గ్యాసు పొయ్యి, మూడు నెలల పిండి ఆ డబ్బులోనే వస్తాయి. చేరిన తేదీ లెటర్ మొదటి పేజీలోనే ఉంటుంది.