పాత కంప్యూటర్‌కు కొత్త టీవీ

పాత డెస్క్‌టాప్ వెనక పదిహేను రంధ్రాలతో ఉండే నీలిరంగు సాకెట్టే వీజీఏ. కొత్త టీవీల్లో చాలావాటికి హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటుంది. రెండు కొసల్లో ఈ రెండు పిన్నులూ ఉన్న ఉత్త వైరు కొంటే డబ్బు దండగే. వీజీఏ బొమ్మను హెచ్చుతగ్గుల వోల్టేజీగా పంపుతుంది, హెచ్‌డీఎంఐకి అంకెల రూపంలో కావాలి. ఆ మార్పిడి చేసే చిప్ ఉన్న కన్వర్టర్ తీసుకోవాలి. దుకాణంలో ‘వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి’ అని దిశ చెప్పి మరీ అడగండి. అటునుంచి ఇటు మార్చేది చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ ఇక్కడ పనిచేయదు.

వీజీఏలో శబ్దం రాదు. అందుకే కన్వర్టర్‌కు ఉండే చిన్న ఆడియో వైరును కంప్యూటర్ ఆకుపచ్చ సాకెట్‌లో, కరెంటు కోసం యూఎస్‌బీ వైరును దాని సాకెట్‌లో పెట్టాలి. టీవీలో సరైన హెచ్‌డీఎంఐ ఎంచుకున్నాక కూడా బొమ్మ లేకపోతే ముందు యూఎస్‌బీనే చూడండి.

ఆన్ చేయగానే కంపెనీ లోగో కనిపించి, విండోస్ మొదలయ్యేసరికి తెర నల్లబడిందా? అయితే వైరింగ్ బాగానే ఉన్నట్టు. పాత డబ్బా మానిటర్‌కు పెట్టుకున్న 85 హెర్ట్జ్ లాంటి సెట్టింగు టీవీకి పట్టడం లేదన్నమాట. విండోస్ 7 అయితే మొదలయ్యేటప్పుడు F8 నొక్కి, తక్కువ రిజల్యూషన్‌తో తెరిచి, 60 హెర్ట్జ్‌కు మార్చండి. ఆ తర్వాత కూడా అక్షరాలు కాస్త మసగ్గా ఉంటే వీజీఏ వైరు పొడవు తగ్గించి చూడండి. సినిమాకైతే ఆ మసక పెద్దగా తెలియదు.