‘నుంచి’ దగ్గర రెండు ప్రశ్నలు

కోదాడ బస్టాండులో ఒకాయన ‘ఎనిమిది గంటల నుంచి ఇక్కడే ఉన్నా’ అన్నాడనుకోండి. పొద్దున ఎనిమిదింటికి వచ్చాడని కావచ్చు, వచ్చి ఎనిమిది గంటలైందని కావచ్చు. వినేవాళ్లు గడియారం చూసి తేల్చుకుంటారు. ఇంగ్లిషులో ఆ వెసులుబాటు లేదు. మొదలైన సమయం చెబితే ‘సిన్స్’, గడిచిన కాలం చెబితే ‘ఫర్’. నోరు తెరిచేలోపే తేల్చుకోవాలి.

తెలుగులో విభక్తి మాట వెనక వస్తుంది, ఇంగ్లిషులో ముందు వస్తుంది. ఈ తేడా పిల్లలకు త్వరగానే పట్టుబడుతుంది. ‘కోదాడ్ ఇన్’ అనేవాళ్లు అరుదు. అసలు చిక్కు తెలుగులో ఒకే విభక్తి చేసే పనిని ఇంగ్లిషు రెండు మూడు మాటలకు పంచడంలో ఉంది. అందుకే ‘ఐ యామ్ స్టేయింగ్ ఇన్ కోదాడ్ ఫ్రమ్ టూ ఇయర్స్’ అనే వాక్యం మన దగ్గర అంతగా వినిపిస్తుంది.

దీనికి పరీక్ష మన భాషలోనే ఉంది. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘మిర్యాలగూడ రైసుమిల్లులో మూడేళ్ల నుంచి పనిచేస్తున్నాడు’ అన్నదాన్ని ‘మూడేళ్లుగా’ అనొచ్చు. కాబట్టి ‘ఫర్ త్రీ ఇయర్స్’. ‘2016 నుంచి’ అన్నదాన్ని ‘2016గా’ అనలేం. కాబట్టి ‘సిన్స్ 2016’. ‘చిన్నప్పటి నుంచి’, ‘నిన్నటి నుంచి’ కూడా అంతే, ‘గా’ పొసగదు.

క్రియ సంగతీ మరిచిపోకూడదు. మనం ‘పనిచేస్తున్నాడు’ అని వర్తమానంలో చెప్పేదాన్ని ఇంగ్లిషు ‘హాజ్ బీన్ వర్కింగ్’ అంటుంది. విభక్తి సరిచేసి క్రియను వదిలేస్తే వాక్యం సగమే బాగుపడుతుంది.

ఈ పరీక్షకూ ఒక హద్దుంది. ‘రేపటి నుంచి బడి’ అన్నచోట ‘గా’ కుదరదు, అయినా ‘సిన్స్’ తప్పే. పని ఇంకా మొదలే కాలేదు కదా! అక్కడ ‘ఫ్రమ్ టుమారో’ అనాలి. ‘సోమవారం నుంచి శుక్రవారం దాకా’ అన్నప్పుడూ ‘ఫ్రమ్’ వాడాలి. కనుక ముందు ‘పని మొదలై ఇంకా సాగుతోందా?’ అని చూసుకుని, ఆ తర్వాతే ‘గా’ పెట్టి చూడాలి.

కాలం విషయంలో రెండు భాషలూ బాగా కలిసే చోటొకటి ఉంది. సూర్యాపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. తేదీకి మనం చేర్చే ‘న’ ఇంగ్లిషులో ‘ఆన్’. ‘2016లో’, ‘అక్టోబరులో’ అంటే ‘ఇన్’. ‘ఎనిమిదింటికి’ అంటే ‘ఎట్’. ‘పొద్దున’ మాత్రం చివర ‘న’ ఉన్నా ‘ఇన్ ద మార్నింగ్’ అవుతుంది. దాని ముందు వారం పేరు చేరిందా, మళ్లీ ‘ఆన్ మండే మార్నింగ్’.

చోటు దగ్గర ఇంత సులువు కాదు. ‘బస్సు సూర్యాపేటలో ఆగుతుంది’, ‘అక్క సూర్యాపేటలో ఉంటుంది’ అని రెండు చోట్లా మనం ‘లో’ అంటాం. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే బస్సుకు సూర్యాపేట దారిలో ఒక మజిలీ కాబట్టి ‘స్టాప్స్ ఎట్ సూర్యాపేట’. అక్కకు అది చుట్టూ ఉన్న ఊరు కాబట్టి ‘లివ్స్ ఇన్ సూర్యాపేట’. ఆ ఊరినే 65వ నంబరు జాతీయ రహదారితో కలిపి చెప్పేటప్పుడు ‘ఆన్’ వస్తుంది. అక్కడ మనమూ ‘రహదారి మీద’ అనే అంటాం.