సూది చూపిస్తే గొడ్డలి గుర్తుకొచ్చిన సభ

మా కర్మాగారంలో హిందీ అనువాదాలకు రాజభాషా విభాగం ఉన్నది. ఇంగ్లీషు నుండి తెలుగులోకి చెప్పవలసి వస్తే మాత్రం ఎవరు దొరికితే వారే అనువాదకులు. ఆ విధంగా, నిర్వహణ విభాగపు ఇంజనీర్లమైన మాకు, ఉద్యోగులను ఉత్తేజపరచడానికి వచ్చే అతిథుల ప్రసంగాలను వేదికపై నిలబడి తెలుగులో వినిపించే పని పడింది. వక్త రెండు మూడు వాక్యాలు చెప్పి ఆగుతారు, మేము అందుకొంటాము, మరల ఆయన మొదలుపెడతారు. సాంకేతిక పదాలు మమ్మల్ని ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. బేరింగును సభలో అందరూ బేరింగనే అంటారు. ఇబ్బంది పెట్టినవి సామెతలే.

ఒక పర్యాయం అతిథి, చిన్న లోపాన్ని వెంటనే సరిదిద్దుకోవాలని చెబుతూ, 'ఎ స్టిచ్ ఇన్ టైమ్ సేవ్స్ నైన్' అన్నారు. మేము తడుముకోకుండా, "గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు" అన్నాము. సభ చప్పట్లు కొట్టింది. భావం సరిపోయింది, సామెత ఇంటిది. మా మనస్సులో కొంత గర్వం కూడా కలిగింది. అంతలో వక్త జేబులోనుండి ఒక సూది తీసి పైకెత్తి, "మీ విభాగంలో ఈ రోజు వేయవలసిన ఆ ఒక్క కుట్టు ఏది?" అని అడిగారు. సభికుల చెవుల్లో గోరు, గొడ్డలి. కంటి ఎదుట సూది! కుట్టు మాట వారు విననే లేదు. వక్త నవ్వు కోసం ఆగారు. నవ్వు రాలేదు.

మేము చేసిన తప్పు సామెతను మార్చడం కాదు. వక్త ఆ బొమ్మను అక్కడితో వదిలివేస్తారా, దానిమీదనే తరువాతి మాటలు కడతారా అని ముందుగా విచారించకపోవడం. వదిలివేసే సామెతకు తెలుగు సామెత పెట్టవచ్చు. దానిమీద ప్రసంగం నడిచేటట్లయితే బొమ్మను ఉన్నదున్నట్లు తెచ్చి, "చిరుగు చిన్నగా ఉన్నప్పుడే ఒక్క కుట్టు వేస్తే తరువాత తొమ్మిది కుట్లు తప్పుతాయి" అని సాదాగా చెప్పడమే మేలు. అది సామెతలా మోగదు, చప్పట్లు రావు. కానీ సూది బయటకు వచ్చినప్పుడు నిలబడుతుంది. అందుచేత ఇప్పుడు మేము సభకు ముందు అతిథితో పది నిమిషాలు కూర్చొని, ఏ సామెతలు వాడతారు, వేటి వద్దకు మరల వస్తారు, చేతిలో ఏమైనా వస్తువు చూపిస్తారా అని అడుగుతున్నాము. అయినా కొందరు ఉత్సాహంలో అప్పటికప్పుడు కొత్తవి చెబుతారు. అప్పుడు ముందుగా సాదా భావం చెప్పి, వీలైతే తరువాత మన సామెత జోడించడం క్షేమకరం. పొరపాటు జరిగిపోతే దాచరాదు. "మనం గోరు, గొడ్డలి అన్నదానినే వారి భాషలో సూది, కుట్టు అంటారు" అని ఒక్క వాక్యం చెబితే సభ సర్దుకొంటుంది. ఆనాడు మాకు ఆ వాక్యం తోచడానికి చాలాసేపు పట్టింది.

1868లో మద్రాసులో తెలుగు సామెతల సంకలనం ప్రచురించిన కెప్టెన్ కార్ సామెతకు ఇంగ్లీషు అనువాదం ఇచ్చి, అవసరమైన చోట వివరణ కూడా చేర్చారు. పుస్తకానికి ఆ వెసులుబాటు ఉన్నది. వేదికమీద వివరణ మొదలుపెడితే వక్త గడియారం చూస్తారు.

తెలుగు నుండి ఇంగ్లీషుకు వెళ్ళేటప్పుడు చిక్కు మరొక రకం. ఆ సభలోనే ప్రశ్నల వేళ ఒక సీనియర్ ఫిట్టర్ లేచి, "అయ్యా, పని చేయాలనే ఉన్నది. కానీ మా స్టోర్సు సంగతి అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్నట్లుంది" అన్నారు. సభ అంతా నవ్వింది. ఆ నవ్వులో మేము కూడా కొట్టుకుపోయి, ఇంగ్లీషులో 'సో నియర్, అండ్ యెట్ సో ఫార్' అని ముగించాము. అతిథి చిరునవ్వు నవ్వి తరువాతి ప్రశ్నకు వెళ్ళారు. మా ఇంగ్లీషు మాట తప్పు కాదు. అందులో ఫిర్యాదు మాత్రం లేదు. ఆయన అదృష్టాన్ని తిట్టుకోలేదు, అల్మారాలో ఉన్న సామాను చేతికి అందడం లేదంటున్నారు. పైగా అంగడి అన్న మాట స్టోర్సును నేరుగా తాకుతున్నది. నవ్వించే సామెత వెనుక ఎవరిమీదనో మోపిన మాట ఉన్నప్పుడు, మొదట ఆ మాటనే దాటించాలి. అల్లుడు, శని తరువాత వచ్చినా, అసలు రాకపోయినా నష్టం లేదు.

కూర్చున్న ఫిట్టర్ కాసేపటికి మరల లేచి, "సార్, నేనన్నది ఆయనకు చెప్పారా?" అని అడిగారు. చెప్పలేదని ఒప్పుకొన్నాము. మైకు తీసుకొని ఈసారి ఇంగ్లీషులో సామెత ఊసెత్తకుండా, "సామాను స్టోర్సులో ఉన్నది, పని చేసే మనిషికి అందడం లేదు; వీరు చెప్పినది ఇదే" అన్నాము. ఎవరూ నవ్వలేదు. అతిథి ముందు వరుసలోని అధికారుల వైపు చూసి, మరల ఫిట్టర్ వైపు తిరిగి, "ఏ సామాను?" అని అడిగారు.

"పంపు సీలండీ" అన్నారు ఫిట్టర్. ఆ జవాబును అనువదించవలసిన అవసరం రాలేదు.